పేగు తిరగాల్సిన ముప్పావు చుట్టు

తల్లి కడుపులో ఉన్నప్పుడు ప్రతి మనిషి పేగులూ కొన్ని వారాల పాటు పొట్ట బయటే పెరుగుతాయి. పిండానికి ఆరు వారాలు వచ్చేసరికి దాని పొడవు ఇంచుమించు ఒక సెంటీమీటరు. ఆ కాస్త పొట్టలో కాలేయం వేగంగా పెరిగి చోటంతా ఆక్రమిస్తుంది. అదే సమయంలో పేగు కూడా పొడవు సాగుతుంది. లోపల చోటు చాలక వంకీలా వంగి బొడ్డుతాడు మొదట్లోకి జరిగిపోతుంది. పదో వారానికి పొట్ట పెద్దదవుతుంది, పేగులు మళ్లీ లోపలికి వచ్చేస్తాయి. డాక్టర్లు చివరి నెలసరి నుంచి వారాలు లెక్కపెడతారు కాబట్టి, స్కానింగ్ కాగితంలో ఇది పన్నెండో వారం అవుతుంది. అంతకు ముందు చేసిన స్కానింగ్‌లో పిండం బొడ్డు దగ్గర చిన్న ఉబ్బు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఆ వారం దాటాక కూడా అది ఉంటేనే ఆలోచించాలి.

ఇలా వెళ్లి వచ్చే దారిలోనే పేగు ఒక పెద్ద మలుపు తిరుగుతుంది. ఆ మలుపు సగంలో ఆగిపోయిన బిడ్డకు పుట్టిన కొద్ది రోజులకే ప్రాణం మీదికి రావచ్చు.

తిరిగేది మధ్య పేగు. జీర్ణాశయం దాటాక పైత్యరసం వచ్చి కలిసే చోటు దగ్గర మొదలై, చిన్నపేగు మొత్తాన్నీ, పెద్దపేగులో మొదటి భాగాన్నీ కలుపుకున్నది ఇది. ఈ పొడవంతటికీ రక్తం తెచ్చేది ప్రధానంగా ఒకే ధమని. పొట్ట వెనుక గోడ నుంచి మెసెంటరీ అనే పలుచని పొరలో సాగి పేగును చేరుతుంది. ఆ ధమనే ఇరుసు. ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో పేగు దాని చుట్టూ తిరుగుతుంది. బొడ్డుతాడులో ఉండగా పావు చుట్టు, పొట్టలోకి తిరిగొచ్చేటప్పుడు మరో అర చుట్టు. మొత్తం 270 డిగ్రీలు, అంటే ముప్పావు చుట్టు.

ఈ మలుపులో పేగు రెండు కొసలూ రెండు వేర్వేరు దారులు పడతాయి. చిన్నపేగు మొదటి భాగం ధమని వెనుక నుంచి దూరి, వెన్నెముకకు ఎడమవైపు, జీర్ణాశయం దగ్గరగా పైన స్థిరపడుతుంది. పెద్దపేగు మొదలు, అంటే అపెండిక్స్ వేలాడే భాగం, ధమని ముందు నుంచి కుడివైపుకు వస్తుంది. మొదట కాలేయం కింద ఆగి, తర్వాత మెల్లగా కుడి తుంటి ఎముక దగ్గరికి దిగుతుంది. అపెండిక్స్ నొప్పి పొట్ట కింద కుడిపక్కన రావడానికి కారణం ఇదే. తిరగడం పూర్తయ్యాక ఈ రెండు చోట్లా పేగు వెనుక గోడకు అతుక్కుంటుంది.

పేగుకు ఎటు తిరగాలో ఎలా తెలుస్తుంది? ఎడమ, కుడి అనే తేడా పిండంలో చాలా ముందే నిర్ణయమవుతుంది. కోడి, ఎలుక పిండాలపై పరిశోధనలు చేసిన శాస్త్రవేత్తలు 2008లో ఒక ముఖ్యమైన సంగతి బయటపెట్టారు. మెసెంటరీ పొరలో ఎడమపక్క కణాలు దగ్గరదగ్గరగా ఒత్తుకుని ఉంటే, కుడిపక్క కణాలు దూరందూరంగా పరచుకుని ఉంటాయి. ఈ తేడా వల్ల పొర ఎడమకు ఒరుగుతుంది, దానితోపాటు పేగూ ఒరుగుతుంది. ఎడమవైపు మాత్రమే పనిచేసే పిట్ఎక్స్2 అనే జన్యువు ఇందులో ముఖ్యం. గుండె, కాలేయం, ప్లీహం కుడి ఎడమలు తారుమారైన పిల్లల్లో పేగు మలుపు కూడా తరచుగా తప్పుతుంది. పేగులు పొట్టలోకి సమయానికి తిరిగి రాని పిల్లల్లోనూ ఇదే పరిస్థితి. బొడ్డు దగ్గరే పేగులు బయట ఉండిపోయి పుట్టినవారు, ఉదరవితానంలో రంధ్రం వల్ల పేగులు ఛాతీలోకి ఎక్కినవారు ఈ కోవకే వస్తారు.

మలుపు సగంలో ఆగితే పేగు ఉన్నచోటు మారుతుంది. అంతమాత్రాన ప్రమాదమేమీ లేదు. చిన్నపేగంతా కుడివైపు, పెద్దపేగంతా ఎడమవైపు ఉండిపోయి కూడా జీవితాంతం ఏ ఇబ్బందీ పడని వాళ్లున్నారు. వేరే కారణానికి సీటీ స్కాన్ తీయించుకున్నప్పుడో, అపెండిక్స్ ఆపరేషన్‌లోనో ఆ సంగతి బయటపడుతుంది. పుట్టే 500 మందిలో ఒకరికి ఏదో ఒక మేరకు ఈ తేడా ఉంటుందని ఒక అంచనా. ఇబ్బంది పడి ఆసుపత్రికి వచ్చేది మాత్రం దాదాపు 6,000 మందిలో ఒకరు.

అసలు ప్రమాదం రెండు అతుకుల మధ్య దూరంలో ఉంది. పెద్దవాళ్లలో మెసెంటరీ మొదలు పొట్ట పైభాగంలో ఎడమ నుంచి కింద కుడివైపుకు ఏటవాలుగా సుమారు 15 సెంటీమీటర్లు పరచుకుని ఉంటుంది. ముప్పావు చుట్టు పూర్తయినందువల్ల వచ్చిన వెడల్పు అది. మలుపు ఆగిపోయిన బిడ్డలో చిన్నపేగు మొదలు ఎడమకు చేరదు, పెద్దపేగు మొదలు కిందికి దిగదు. రెండు అతుకులూ పొట్ట పైభాగంలో పక్కపక్కనే ఉండిపోతాయి. ఊయల తాళ్లు రెండూ దూలానికి ఎడంగా కడితే ఊయల ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగుతుంది. రెండూ ఒకేచోట కడితే గిర్రున తిరిగి తాళ్లు మెలిపడతాయి. మీటర్ల పొడవున్న పేగు, దానికి రక్తం తెచ్చే ధమని, రక్తం తీసుకుపోయే సిర, అన్నీ ఆ ఇరుకైన మొదలు నుంచే వేలాడుతుంటాయి. అందుకే ఈ పేగు తన ధమని చుట్టూ తానే మెలిపడిపోగలదు.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. పైనే ఆగిపోయిన పెద్దపేగు మొదలు నుంచి కొన్ని పట్టీలు పుట్టి పొట్ట కుడి గోడకు అతుక్కుంటాయి. దారిలో ఉన్న చిన్నపేగు మొదటి భాగాన్ని అవి అడ్డంగా నొక్కుతాయి. పేగు మెలిపడకపోయినా ఈ పట్టీల వల్లే అడ్డు రావచ్చు.

లక్షణాలు బయటపడే వారిలో సగానికి పైగా పుట్టిన నెలలోపు పిల్లలే. వారి విషయం సాధారణంగా ఇలా నడుస్తుంది. బిడ్డ నెలలు నిండాకే పుడుతుంది. బరువు బాగుంటుంది. నల్లటి తొలి విరేచనం సమయానికే అవుతుంది. పాలు తాగుతుంది, ఇంటికి పంపిస్తారు. నాలుగో రోజో ఐదో రోజో ఉన్నట్టుండి పాలు పట్టడం మానేసి పసరు కక్కుతుంది. పొట్ట ఉబ్బి ఉండదు, నొక్కితే మెత్తగానే ఉంటుంది. అడ్డు పేగు మొదట్లోనే పడింది కాబట్టి, దాని కింద ఉబ్బడానికి గాలి ఉండదు. పొట్ట మెత్తగా ఉందిగదా, పాలు అరగక కక్కిందేమో అనుకోవడం ఇక్కడే ఎక్కువగా జరిగే పొరపాటు.

రంగే అసలు గుర్తు. పైత్యరసం పేగులోకి కలిసే చోటుకు కింద అడ్డు పడితే వాంతి ఆకుపచ్చగా వస్తుంది. పై భాగంలో అడ్డు ఉంటే పాల రంగులోనే వస్తుంది. జీర్ణాశయం చివర కండరం మందమై మూసుకుపోయే జబ్బులో మూడు నుంచి ఆరు వారాల బిడ్డ ఎంత జోరుగా కక్కినా అందులో పసరు ఉండదు. ఆకుపచ్చ వాంతి ఆ దారి ఇంకా కిందికి మూసుకుపోయిందని చెబుతుంది. పసరు కక్కిన ప్రతి బిడ్డకూ పేగు మెలిపడి ఉండదు. ఇన్ఫెక్షన్ లాంటి ఇతర కారణాలూ ఉంటాయి, చాలామందిలో ఆపరేషన్ అవసరమే రాదు. అయినా పిల్లల సర్జన్లు పసరు వాంతిని మెలిపడిన పేగుగానే భావించి, అది కాదని తేలేదాకా ఊరుకోరు. కారణం సమయం.

పేగు గడియారం ముల్లు తిరిగే దిశలో మెలిపడుతుంది. పలుచని గోడల సిరలు ముందు నొక్కుకుపోతాయి. రక్తం వెనక్కి పోలేక పేగు వాచి నల్లబడుతుంది. ఆ తర్వాత ధమని కూడా మూసుకుపోతుంది. ఇక కొన్ని గంటల్లోనే పేగు కుళ్లడం మొదలవుతుంది. విరేచనంలో రక్తం, పొట్ట ఉబ్బడం, బిడ్డ నీరసించి వాలిపోవడం అప్పుడు కనిపిస్తాయి. అవి ఆలస్యమైనందుకు గుర్తులు.

మామూలు ఎక్స్‌రే బాగానే ఉన్నా పేగు మెలిపడలేదని చెప్పడానికి లేదు. బిడ్డకు ఒక మందు తాగించి, అది కదిలే తీరును ఎక్స్‌రేలో చూస్తారు. పేగు మలుపు వెన్నెముకకు ఎడమవైపు, తగిన ఎత్తులో కనిపించాలి. కుడివైపే ఉండిపోయినా, మందు స్క్రూ మరలా చుట్టలు తిరుగుతూ దిగినా జబ్బు తేలినట్టే. అల్ట్రాసౌండ్‌లో సిర ధమని చుట్టూ సుడి తిరిగి కనిపించడం మరో గుర్తు. బిడ్డ పరిస్థితి బాగా దిగజారి ఉంటే ఈ పరీక్షల కోసం ఆగకుండా నేరుగా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్తారు.

అక్కడ చేసే ఆపరేషన్‌కు బోస్టన్ పిల్లల ఆసుపత్రి సర్జన్ విలియం లాడ్ పేరే ఉంది. 1936లో ఆయన ప్రచురించిన పద్ధతినే నేటికీ అనుసరిస్తున్నారు. ముందుగా పేగును గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పి మెలి విప్పుతారు. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డలు కప్పి కాసేపు చూస్తారు. నల్లబడిన పేగు మళ్లీ గులాబీ రంగుకు తిరిగితే బతికినట్టు. తర్వాత అడ్డుపట్టీలు కోసి, మెసెంటరీ మొదలును వెడల్పు చేస్తారు. చివరికి చిన్నపేగును కుడివైపు, పెద్దపేగును ఎడమవైపు సర్దుతారు. అపెండిక్స్ కూడా తీసేస్తారు. అది ఎడమవైపు ఉండిపోతే ముందుముందు నొప్పి వచ్చినప్పుడు డాక్టర్లు పొరబడతారు.

లాడ్ ఆగిపోయిన ముప్పావు చుట్టును పూర్తి చేయడానికి ప్రయత్నించలేదు. పేగును అసలు తిరగని స్థితికే తీసుకెళ్లి, రెండు కొసలూ ఎడంగా ఉండేలా చూశాడు. ఎక్కడ ఉన్నా పేగు పనిచేస్తుంది, మొదలు వెడల్పుగా ఉంటే చాలు. ఇలా ఆపరేషన్ అయిన పిల్లలు ఎక్కువ మంది మామూలుగా పెరుగుతారు. మళ్లీ మెలిపడటం అరుదు.

ఆలస్యమైతే కుళ్లిన పేగును కోసి తీసేయాల్సి వస్తుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు చిన్నపేగు దాదాపు రెండు మీటర్లు లేదా అంతకు కాస్త ఎక్కువ ఉంటుంది. ఒకే ధమని మీద ఆధారపడటం వల్ల అందులో చాలా భాగం ఒకేసారి పోవచ్చు. అనుమానంగా ఉన్న పేగును కొయ్యకుండా వదిలి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ పొట్ట తెరిచి చూసే పద్ధతి కూడా ఉంది. మిగిలిన పేగు చాలకపోతే ఆ బిడ్డకు నెలలు, ఏళ్ల తరబడి నరం ద్వారానే పోషకాలు ఇవ్వాలి.

కాబట్టి పసికందు ఆకుపచ్చగా కక్కితే తెల్లవారేదాకా ఆగకండి. పాలు, గ్రైప్ వాటర్, పసరు మందులు ఏవీ పట్టకండి. రంగు మాటల్లో చెబితే పసుపో ఆకుపచ్చో అర్థం కాకపోవచ్చు, కక్కిన గుడ్డను ఉతక్కుండా వెంట తీసుకెళ్లండి. పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. హైదరాబాద్‌లో నీలోఫర్, విశాఖలో కేజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంది. దగ్గర్లో అలాంటిది లేకపోతే 108కి ఫోన్ చేసి, బిడ్డ పసరు కక్కిందన్న మాట ముందుగా చెప్పండి.