ఫొటో చుట్టూ ఉన్న రంగు

పెళ్లి ఆల్బమ్ ల్యాబ్ నుంచి వచ్చాక ఇంట్లో వాళ్లు పేజీలు తిప్పుతూ అడిగే మొదటి ప్రశ్న, "ఫోన్‌లో పంపినప్పుడు ఇంత వెలుగుంది కదా, ఇక్కడ ఎందుకిలా మసకబారింది?" మియాపూర్, చందానగర్, హఫీజ్‌పేట వైపు అపార్ట్‌మెంట్ గదుల్లో కూర్చుని ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. తప్పు ల్యాబ్ మిషన్ మీదకో కాగితం మీదకో పోతుంది. మానిటర్ కాంతి మరీ ఎక్కువగా పెట్టుకోవడం అసలు కారణాల్లో ఒకటి. దాని గురించి చాలామందికి తెలుసు. రెండో కారణాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు. అది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫొటో చుట్టూ పరుచుకుని ఉండే నలుపు.

ఆ నలుపు ఏం చేస్తుందో కంప్యూటర్‌లోనే చూడవచ్చు. ఏ ఎడిటర్‌లోనైనా కొత్త ఫైల్ తెరిచి, ఎడమ సగాన్ని 30, 30, 30 విలువల ముదురు రంగుతో, కుడి సగాన్ని 225, 225, 225 లేత రంగుతో నింపండి. రెండు సగాల మధ్యలోనూ 119, 119, 119 విలువతో ఒకే కొలత చదరాలు పెట్టండి. నలుపులో ఉన్న చదరం వెలుగ్గా, తెలుపులో ఉన్నది ముదురుగా కనిపిస్తాయి. ఐడ్రాపర్‌తో కొలిస్తే రెండూ 119 అనే చెబుతుంది. ఆ సంగతి తెలిశాక మళ్లీ చూసినా రెండూ ఒకటిగా కనిపించవు. ఇక్కడ తెలివితేటలు, అనుభవం ఏమీ అక్కరకు రావు. కంటి రెటీనాలోని కణాలు తమ మీద పడ్డ కాంతిని ఉన్నదున్నట్టు మెదడుకు చేరవేయవు. పక్క కణాల మీద ఎంత కాంతి పడిందో దానితో పోల్చి, తేడానే ప్రధానంగా పంపుతాయి. ఆ పోలిక మెదడులో ఇంకా ముందుకు సాగుతుంది. కాబట్టి పక్కన చీకటి ఉంటే మధ్యలోది వెలుగవుతుంది.

దీన్ని శాస్త్రంగా పట్టుకున్నది ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్. ఆయన 1824లో ప్యారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకం విభాగానికి అధిపతి అయ్యాడు. నల్లదారంలో నలుపు చిక్కగా లేదని నేతవాళ్లు ఫిర్యాదు చేస్తే పరీక్షించి చూశాడు. అద్దకంలో లోపం లేదు. నీలం, ఊదా దారాల పక్కన నేసినప్పుడు నలుపు వెలవెలబోతోంది. ఆ పరిశీలనలన్నీ 1839లో ఆయన పుస్తకంగా వచ్చాయి. మన ఆల్బమ్ గొడవ కూడా అదే కుటుంబానికి చెందింది. ల్యాబ్ మీద వేసే నింద అప్పుడు అద్దకం మీద పడింది.

ఇప్పుడు ఒక ఫొటో తీసుకుందాం. రాత్రి ముహూర్తం, మధుపర్కాలు కట్టుకున్న జంట తలంబ్రాలు పోసుకుంటున్నారు. పెళ్లికూతురి జడ నీడల విలువ 28 దగ్గర, చెంప 150 దగ్గర, తెల్లచీర మడతలు 235 దగ్గర ఉన్నాయనుకోండి. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. ఎడిటర్‌లో చుట్టూ దాదాపు నలుపు. ఆ నలుపు పక్కన చెంప ఉన్నదానికంటే వెలుగ్గా కనిపిస్తుంది, ఇక పెంచక్కర్లేదనిపిస్తుంది. జడ నీడలైతే తేలిపోయి పాలిపోయినట్టుంటాయి. అందుకని చెయ్యి తనంతట తానే కాంట్రాస్ట్ స్లయిడర్ మీదకు పోతుంది. షాడోస్ కిందికి, ఎక్స్‌పోజర్ కాస్త కిందికి లాగుతారు. జడ 28 నుంచి 12కు, చెంప 150 నుంచి 138కి దిగుతాయి. తెర మీద ఇప్పుడు అద్భుతంగా ఉంది. అదే ఫొటో ఆల్బమ్ పేజీలో తెల్లటి అంచుతో అచ్చయి, పగటి వెలుగులో హాల్లో కూర్చుని చూసినప్పుడు చుట్టూ చీకటి లేదు. నలుపు పక్కన ఉన్నందుకు చెంపకు వచ్చిన అప్పు వెలుగు పోయింది. జడ పాయలు కలిసి ఒకే నల్లముద్దగా మారాయి. మల్లెపూల కింద వెంట్రుకలు ఉన్నాయన్న జాడే లేదు. చామనఛాయ ముఖాలకు ఈ నష్టం మరీ ఎక్కువ. వాటి నీడలు మొదటి నుంచీ తక్కువ విలువల్లో ఉంటాయి, అక్కడ పది అంకెలు పోతే దవడ కింద, కళ్ల చుట్టూ ఉన్న సున్నితమైన మార్పులన్నీ పోతాయి.

అలా అయితే నలుపుకు బదులు ఫొటో చుట్టూ పెట్టుకోవాల్సిన మధ్యస్థ బూడిద రంగు ఏది? 0కీ 255కీ మధ్య 128 ఉంది కదా అనిపిస్తుంది. కానీ తెర మీద అంకెలు కాంతితో సమానంగా పెరగవు, కన్ను కూడా కాంతిని సమానమైన మెట్లుగా చూడదు. తెల్లకాగితం తిప్పికొట్టే కాంతిలో సుమారు 18.4 శాతం తిప్పికొట్టేది కంటికి నలుపు తెలుపులకు సరిగ్గా నడిమిలా కనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్లు చేతిలో పట్టుకునే గ్రే కార్డు వెనక ఉన్న 18 శాతం కూడా దాదాపు ఇదే. మామూలు ఎస్‌ఆర్‌జీబీ తెర మీద దానికి విలువ 119, కోడ్ `#777777`. మూడు రంగుల అంకెలూ ఒకటే కావడం ఎంతో ముఖ్యం. నీలం కాస్త ఎక్కువున్న ముదురు థీమ్ చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, దాని పక్కన పెట్టిన చర్మం రంగు పసుపు వైపు జరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని దిద్దబోయి మనిషిని నీలిరంగులోకి తోస్తాం.

అయితే సాఫ్ట్‌వేర్లు ఎందుకు నల్లగా వస్తున్నాయి? ఫొటోషాప్ 2012లో సీఎస్6 వెర్షన్‌తో ముదురు ఇంటర్‌ఫేస్‌కు మారింది. గింప్ కూడా 2018లో వచ్చిన 2.10 నుంచి ముదురు థీమ్‌తోనే తెరుచుకోవడం మొదలైంది. ఫొటో చుట్టూ ఉన్న బటన్లు దృష్టిని లాగకుండా వెనక్కు తగ్గుతాయన్నది న్యాయమైన కారణమే. ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. సరిగ్గా 119 బూడిద మీద తెల్ల అక్షరాలు రాస్తే వాటి కాంతి నిష్పత్తి 4.5కు ఒక వెంట్రుకవాసి తక్కువ, నల్ల అక్షరాలు రాస్తే 4.7 దగ్గర. వెబ్ పేజీల్లో మామూలు సైజు అక్షరాలకు కనీసంగా అడిగేది 4.5. అంటే ఫొటోకు అతి మంచి రంగు, చిన్న అక్షరాలు చదవడానికి చాలా ఇబ్బందికరమైన రంగు. మెనూలు చదవాల్సిన ప్యానెళ్లను కూడా పూర్తిగా మధ్యస్థ బూడిద చేయడానికి తయారీదార్లు జంకడంలో అర్థముంది.

పరిష్కారం ఏమిటంటే ప్యానెళ్లను వాటి మానాన వదిలి, ఫొటోకు ఆనుకుని ఉండే ఖాళీని మార్చుకోవడం. కంటి మీద ప్రభావం ఎక్కువగా ఆనుకుని ఉన్నదానిదే. ఫొటోషాప్‌లో `Edit > Preferences > Interface` కింద నాలుగు షేడ్లు ఉంటాయి. వాటి విలువలు సుమారు 50, 83, 184, 240. ఏదీ 119 కాదు, ముదురువి రెండూ కిందున్నాయి, లేతవి రెండూ పైనున్నాయి. మామూలుగా వచ్చే 83ను కాంతిగా లెక్కేస్తే నడిమి బూడిదలో సగం కూడా కాదు. అందుకే ఫొటో బయట ఖాళీలో రైట్ క్లిక్ చేసి `Select Custom Color` ఎంచుకుని 777777 కొట్టండి. గింప్‌లో `View > Padding Color` ద్వారా అదే పని అవుతుంది. గింప్ 3లో సరిగ్గా 18.42 శాతం కాంతికి కట్టిన గ్రే రూపం కూడా ఉంది. లైట్‌రూమ్‌లో డెవలప్ మాడ్యూల్‌లో ఫొటో బయట రైట్ క్లిక్ చేస్తే బూడిద ఛాయల జాబితా వస్తుంది. ఆ తర్వాత ఫొటోను తెర అంచుల దాకా పెంచకుండా, చుట్టూ నాలుగు వేళ్ల మేర బూడిద మిగిలేలా జూమ్ తగ్గించుకుని చూడాలి. ఖాళీ లేకపోతే ఎంత మంచి రంగు పెట్టినా వృథా.

ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ ఇక్కడ ఒక అడుగు ముందుకేసింది. `Ctrl+B` నొక్కితే చుట్టూ మధ్యస్థ బూడిద, ఫొటోకు ఆనుకుని ఒక సన్నటి తెల్ల చట్రం వస్తాయి. ఆ తెలుపు అలంకారానికి కాదు. ఎదురుగా తెలుపు అంటే ఏమిటో చూపే వస్తువు లేకపోతే కన్ను కనిపించినదాంట్లో అన్నిటికంటే వెలుగైనదాన్నే తెలుపుగా లెక్క వేసుకుంటుంది. మన ఫొటోలో అది మధుపర్కం. చట్రం ఉంటే చీర కాగితపు తెలుపు కంటే ఎంత కిందుందో, మడతలు ఇంకా మిగిలున్నాయో లేదో తేలుతుంది. ఆల్బమ్ పేజీకి కూడా తెల్ల అంచే ఉంటుంది కాబట్టి, ఇది నేను అన్నిటికంటే ఎక్కువగా సిఫారసు చేసే అమరిక.

నలుపుకూ తెలుపుకూ పనికొచ్చే చోట్లు లేవని కాదు. కన్ను చుట్టూ ఉన్న ఛాయకు దగ్గరగా ఉండే తేడాలను బాగా పసిగడుతుంది. నీడల్లో నాయిస్ వెతుక్కోవాలంటే కాసేపు నలుపు, చీర మడతలు చూడాలంటే కాసేపు తెలుపు పెట్టుకుని తిరిగి బూడిదకు రావచ్చు. ఆన్‌లైన్ దుకాణానికి వెళ్లే వస్తువు ఫొటో తెల్లపేజీ మీద కూర్చుంటుంది, దాన్ని చివరగా తెలుపు మీదే చూడాలి. సినిమావాళ్ల డీఐ గదులు చీకటిగా ఉండటం కూడా ఇందుకే, థియేటర్ చీకటే కాబట్టి. చీకట్లో చూసే చిత్రం పాలిపోయినట్టు కనిపిస్తుందని కొడాక్ పరిశోధకులు బార్ట్‌ల్‌సన్, బ్రెనెమాన్ 1967లో కొలిచి చూపించారు. అందుకే థియేటర్ ప్రింటుకు కాంట్రాస్ట్ కావాలనే ఎక్కువ పెడతారు. ఆ గదిలో సరైన నిర్ణయం ఆల్బమ్ గదిలో తప్పవుతుంది.

బూడిద పెట్టినంత మాత్రాన గది మారదు. మధ్యాహ్నం పడమటి కిటికీ నుంచి తెర మీద పడే ఎండ, ముదురు నారింజ గోడ, సాయంత్రం కాగానే తెరను పసుపు వైపు తిప్పే విండోస్ నైట్ లైట్, ఇవన్నీ కూడా కంటిని అలాగే మోసం చేస్తాయి. మీ ఇబ్బంది ఏ కారణంగానో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఇప్పటికే పూర్తయిందనుకున్న ఫొటో తెరిచి చుట్టూ రంగును నలుపు, బూడిద, తెలుపు అని మార్చండి. మార్చినప్పుడల్లా ఫొటోను దిద్దాలన్న కోరిక మారుతుంటే మిమ్మల్ని మోసం చేస్తున్నది చుట్టూ ఉన్న రంగే. బూడిద మీద, తెల్ల చట్రంతో దిద్దిన ఫొటో కూడా ల్యాబ్ నుంచి ముదురుగానే వస్తే, పేజీని మానిటర్ పక్కన మంచి వెలుగులో పట్టుకుని తెర మీది తెల్ల చట్రం కాగితపు తెలుపుతో సమానమయ్యే దాకా మానిటర్ కాంతి తగ్గించండి.