‘అంట’ను కొట్టేసే ముందు

ఇంటర్వ్యూ రికార్డింగును అక్షరం పొల్లుపోకుండా టైపు చేయించి చూస్తే ఎంతటి వక్తయినా తడబడుతున్నట్టే కనిపిస్తాడు. వేదిక మీద గంటసేపు ధారాళంగా మాట్లాడే మనిషి కూడా కాగితం మీద ‘సో’, ‘యాక్చువల్‌గా’, ‘అంటే ఏంటంటే’ అంటూ మూడు పేజీలు నింపేస్తాడు. వినేటప్పుడు చెవి వీటిని వదిలేస్తుంది, కన్ను మాత్రం ఒక్కదాన్నీ వదలదు. అందుకే అచ్చుకు ముందు ఎవరో ఒకరు కూర్చుని వీటిని ఏరాలి. ఆ పని ప్రూఫులు దిద్దే మనిషి మీద పడుతుంది. చేతిలో పెన్ను, చెవిలో ఇయర్‌ఫోను, పక్కన టైపు చేసిన కాగితం. ఏది తీయాలి, ఏది ఉంచాలి?

ఒక ముక్కను పట్టి చూద్దాం. నల్లగొండ వైపు నేతపని చేసిన ఒక పెద్దాయన మాట్లాడుతున్నాడనుకోండి. ఇది ఈ వ్యాసం కోసం అల్లినదే అయినా, ఇలాంటి ట్రాన్స్‌క్రిప్టులు రోజూ చేతికొస్తుంటాయి:

“అంటే... గప్పుడు మా, మా బాపు, బాపు గాదు, మా పెద్దనాయిన మగ్గం బెట్టిండన్నట్టు. అదేంది... డెబ్బై, డెబ్బై రెండుల ఏమో. గప్పుడే సొసైటీ అయ్యింది. పైసలు సెక్రటరీ తిన్నడంట. మాకేం తెల్సు మరి. నేను సంతకం పెట్ట... పెట్టిచ్చుకున్నరు నాతోని.”

మొదటి ‘అంటే’ను తీసేయొచ్చు. అక్కడ అది దేన్నీ వివరించడం లేదు, మాట కోసం వెతుక్కునే ఊతపదం మాత్రమే. అదే ‘అంటే’ వాక్యం మధ్యలో వచ్చి, వెనకటి మాటకు అర్థం చెబుతుంటే ముట్టుకోకూడదు. ‘మా, మా’లో ఒక ‘మా’ పోతుంది. ‘బెట్టిండన్నట్టు’లోని ‘అన్నట్టు’, కోస్తావాళ్ల ‘అన్నమాట’ లాంటిది, పోయినా నష్టం లేదు. ‘అదేంది’ కూడా అంతే. ‘బాపు గాదు, మా పెద్దనాయిన’ అన్నచోట మనిషి తన మాటను తానే దిద్దుకున్నాడు, కాబట్టి పత్రికలో దిద్దుకున్న మాటే వేస్తారు. మౌఖిక చరిత్రగా భద్రపరిచే ప్రతిలో మాత్రం రెండూ ఉండాలి. ఎవరిది ఆ మగ్గం అన్న సంగతి రేపు వేరొకరికి ముఖ్యం కావచ్చు.

ఇంతవరకు సులువే.

‘డెబ్బై, డెబ్బై రెండుల’ దగ్గర కాగితం చూసి తేల్చడం కుదరదు. తడబాటు కావచ్చు, అప్పుడు 72 ఒక్కటే మిగులుతుంది. ‘డెబ్బై, డెబ్బై రెండు మధ్యలో’ అన్న ఉద్దేశమూ కావచ్చు, అప్పుడు రెండు అంకెలూ కావాలి. రికార్డింగును ఆ నిమిషానికి వెనక్కి తిప్పి వింటే చాలాసార్లు తెలిసిపోతుంది. మొదటి ‘డెబ్బై’ సగంలో తెగినట్టుంటే తడబాటు, రెండూ ఒకే ఊపులో వస్తే ఉరామరిక అంచనా. టైపు చేసేవాళ్లు కాగితం అంచున నిమిషం, సెకను వేయమని ప్రూఫ్‌రీడర్లు పోరు పెట్టేది ఇందుకే. ఆ గుర్తు లేకపోతే గంటన్నర రికార్డింగులో ఒక్క మాట కోసం వెతుక్కోవాలి. విన్నా తేలకపోతే పెద్దాయనకే ఫోన్ చేసి అడగడం మేలు.

ఆ వెంటనే ఉన్న ‘ఏమో’ చూడ్డానికి ఊతపదంలా ఉంటుంది గానీ కాదు. తనకు సంవత్సరం కచ్చితంగా తెలియదని ఆయన దానితో చెబుతున్నాడు. దాన్ని కొట్టేస్తే అనుమానం కాస్తా తేదీ అవుతుంది, ఆ తేదీని ఇంకో రచయిత ఎత్తి రాసుకుంటాడు.

అసలు ప్రమాదం ‘తిన్నడంట’లో ఉంది. ‘అంట’ తెలుగులో వ్యాకరణమే: నేను చూడలేదు, ఎవరో అంటే విన్నాను అని ఆ రెండక్షరాలు చెబుతాయి. వాక్యం చిక్కగా ఉండాలని ‘సెక్రటరీ పైసలు తిన్నడు’ అని దిద్దితే, ఊళ్లో వినికిడిగా ఉన్నదాన్ని పెద్దాయన సాక్ష్యంగా మార్చినట్టే. ఆ సెక్రటరీ బతికుంటే పరువునష్టం నోటీసు వచ్చేది పత్రికకే కాదు, మాట్లాడిన మనిషికి కూడా. తర్వాతి ‘మాకేం తెల్సు మరి’ కూడా ఆ వినికిడికి కాపలాగా నిలిచినదే. దాన్ని అప్రస్తుతమని తీసేయడమూ పొరపాటే.

ఇలాంటి తగాదా ఒకటి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యూయార్కర్ పత్రికలో జానెట్ మాల్కమ్ 1983లో రాసిన వ్యాసాల్లో తన మాటల్ని మార్చేశారని జెఫ్రీ మాసన్ దావా వేశాడు. కోర్టు 1991లో ఒక గీత గీసింది: మాటలు మారినంత మాత్రాన అబద్ధం కాదు, అర్థంలో చెప్పుకోదగ్గ తేడా రావాలి. వ్యాకరణం, వాక్య నిర్మాణం సరిచేయడాన్ని తప్పు పట్టలేదు. తన మధ్య పేరు మార్చుకోవడం గురించి టేపులో మాసన్ ‘నచ్చింది, అంతే’ అన్నట్టు చెప్పగా, అచ్చులో ‘వినసొంపుగా ఉంది’ అని వచ్చింది. ఆ తేడాను కోర్టు పట్టించుకోలేదు. ఇతర వాక్యాల విషయంలో మాత్రం కేసు ముందుకు సాగింది, చివరికి 1994లో జ్యూరీ మాల్కమ్ పక్షాన తీర్పిచ్చింది. ‘నచ్చింది’కీ ‘వినసొంపుగా ఉంది’కీ ఉన్న దూరం కన్నా ‘తిన్నడంట’కూ ‘తిన్నడు’కూ ఉన్న దూరం చాలా ఎక్కువ.

ఇక ‘నేను సంతకం పెట్ట... పెట్టిచ్చుకున్నరు నాతోని.’ మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన వాక్యం కాబట్టి మామూలు సూత్రం ప్రకారం మొదటి ముక్క పోవాలి. కానీ ఆయన ఇక్కడ ‘పెట్టిన’ అనబోయి, ‘పెట్టిచ్చుకున్నరు’కు మళ్లాడు. పని తనది కాదు, ఇంకెవరో చేయించారని ఆ మలుపే చెబుతోంది. ‘నాతోని’ క్రియ తర్వాత పడిందని దాన్ని ముందుకు జరపడమూ తగదు. రాతలో క్రియను చివర పెట్టడం మన అలవాటే గానీ, నోటిమాటలో క్రియ అయిపోయాక వచ్చే పదం మీద తరచు ఒక బరువు ఉంటుంది. ఆ తెగిన చోట మూడు చుక్కలు ఉంచితే చాలు.

అన్నీ చూశాక అచ్చుకు వెళ్లే ప్రతి ఇలా ఉంటుంది: “మా పెద్దనాయిన మగ్గం బెట్టిండు, డెబ్బై రెండుల ఏమో. గప్పుడే సొసైటీ అయ్యింది. పైసలు సెక్రటరీ తిన్నడంట. మాకేం తెల్సు మరి. నేను సంతకం పెట్ట... పెట్టిచ్చుకున్నరు నాతోని.” పొరపాటున జారే ఇంకో మార్పును కూడా ఇక్కడ కనిపెట్టాలి. టైపు చేసేవారు తమకు తెలియకుండానే ‘తెల్సు’ను ‘తెలుసు’గా, ‘గప్పుడు’ను ‘అప్పుడు’గా రాసేస్తుంటారు. యాస తీయాలన్న నిర్ణయం ఉంటే అది ఇంటర్వ్యూ మొత్తానికీ వర్తించాలి, ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా ఉండకూడదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో వాళ్ల మాటల మీదే పుస్తకం నిలబడింది. అలాంటి పనిలో భాషను నున్నగా దిద్దడమంటే ఆ పుస్తకానికి అవసరమైనదాన్నే తీసేయడం.

పక్షపాతం కూడా ఎరక్కుండానే చొరబడుతుంది. అదే సంచికలో ఒక మంత్రిగారి ఇంటర్వ్యూలో ‘యాక్చువల్‌గా’లన్నీ తీసేసి, నేత కార్మికుడి ‘అన్నట్టు’లను మాత్రం ‘సహజంగా ఉంది’ అని ఉంచడం పత్రికల్లో కనిపించే సంగతే. ఊతపదాలు ఇద్దరికీ పోవాలి, లేదా ఇద్దరికీ ఉండాలి. ప్రశ్నలడిగిన విలేఖరి తడబాట్లకూ అదే నియమం. ఇంటర్వ్యూ చేసినవాడు పుస్తకంలా మాట్లాడినట్టు, జవాబిచ్చినవాడు నత్తినత్తిగా మాట్లాడినట్టు కనిపిస్తే ఎవరు దిద్దారో పాఠకుడికి ఇట్టే తెలిసిపోతుంది.

శుభ్రం చేసిన ప్రతిని అచ్చుకు ముందు పెద్దాయనకు చదివి వినిపిస్తే, ఎక్కువసార్లు వచ్చే మాట, “గిట్ల మోటుగ మాట్లాడిన్నా బాబూ, జర మంచిగ రాయి” అని. యాస మార్చమంటే మార్చవచ్చు, అది ఆయన మాట, ఆయన ఇష్టం. ‘అంట’ తీసి ‘తిన్నడు’ అని రాయమంటే మాత్రం, “మీరు కళ్లారా చూశారా తాతా?” అని ముందు అడగాలి. చూశానంటే అది కొత్త వాక్యం. రికార్డు చేసి, ఆ తేదీ వేసి, పాత టేపు పక్కన పెట్టుకోవాలి.