వేరు చివర నల్లటి మచ్చ

పంటి ఎక్స్‌రే చూపిస్తూ డాక్టరు "వేరు కింద చీము పట్టింది" అంటే, ఆ నల్లగా కనిపించేదే చీము అనుకుంటాం. నిజానికి చీము ఎక్స్‌రేలో విడిగా కనబడదు. ఖనిజం దండిగా ఉన్న పన్ను, ఎముక కిరణాలను అడ్డుకుని తెల్లగా పడతాయి. ఖనిజం కరిగిపోయిన చోట కిరణాలు దూసుకుపోయి నలుపు పడుతుంది. అంటే ఆ మచ్చ ఒకప్పుడు అక్కడ ఉండి, ఇప్పుడు లేని ఎముక.

ఎక్కువగా కనిపించే కేసు ఒకటి చూద్దాం. ముప్పై అయిదేళ్లావిడ. కింది దవడలో కుడివైపు మొదటి పెద్ద దంతం పుచ్చింది. ఆరేళ్ల వయసులో వచ్చే ఈ పన్నును చాలామంది తల్లిదండ్రులు పాలపన్ను అనుకుని పట్టించుకోరు. పుచ్చు లోతుకు దిగాక చల్లనీళ్లు తాగితే జివ్వుమనేది, రాత్రి పడుకోగానే పోటు మొదలయ్యేది. మాత్రలతో కొన్ని వారాలు నెట్టుకొచ్చింది. ఒకరోజు పోటు దానంతటదే ఆగిపోయింది. తగ్గిపోయిందని ఊరుకుంది.

తగ్గలేదు, లోపలి నరం చచ్చిపోయింది. మనం నరం అనేది నిజానికి రక్తనాళాలు, నరాలు కలిసిన మెత్తటి కణజాలం. అది చచ్చాక బాక్టీరియాను ఎదిరించడానికి లోపలికి రక్తం రాదు. అవి వేరు గొట్టంలోనే స్థిరపడి, వాటి విషాలు వేరు కొసనున్న సన్నటి రంధ్రంలోంచి దవడ ఎముకలోకి దిగుతాయి. అక్కడ శరీరం రక్షణ కణాలను మోహరిస్తుంది. ఆ పోరాటంలో వేరు చుట్టూ ఎముకను కరిగించేది బాక్టీరియా కాదు, మన శరీరంలోని కణాలే. అసలు కారణం మాత్రం బాక్టీరియానే. ఎలుకల పంటి నరాన్ని తెరిచి ఉంచిన ప్రయోగం ఒకటి 1965లో అమెరికాలో వెలువడింది. మామూలు ఎలుకలకు వేరు చివర చీముగడ్డలు వచ్చాయి. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో రాలేదు.

కొన్ని నెలల తర్వాత ఆవిడకు ఆ పంటితో నమిలితే నొప్పి మొదలైంది, పన్ను కాస్త పైకి లేచినట్టనిపించింది. చిగురు మీద చిన్న పొక్కు లేచి, చిదిగి, మళ్లీ లేచేది. ఎక్స్‌రేలో పుచ్చు నరం దాకా దిగినట్టు కనిపించింది. వెనక వేరు కొసన శనగగింజంత నల్లటి గుండ్రం ఉంది. వేరును అంటిపెట్టుకుని ఉండాల్సిన సన్నటి తెల్లగీత అక్కడికి రాగానే మాయమైంది.

అయినా ఎక్స్‌రే ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. ఎముక లోపలి మెత్తటి భాగంలోనే నష్టం ఉంటే ఒక్కోసారి ఏమీ కనిపించదు. అందుకే విపరీతమైన నొప్పితో కొత్తగా పుట్టిన చీముగడ్డకు ఎక్స్‌రే దాదాపు మామూలుగానే ఉండొచ్చు. కనిపించిన నలుపయినా చీముగడ్డో, గ్రాన్యులోమా అనే వాపు కణజాలమో, నీటితిత్తో ఫిల్ము తేల్చలేదు. పైగా కింది చిన్న దవడపళ్ల దగ్గర నరం బయటికి వచ్చే సహజ రంధ్రం కూడా ఇలాగే నల్లగా పడుతుంది. దాన్ని రోగమనుకుంటే బతికున్న పంటికి అనవసరంగా రూట్ కెనాల్ చేసినట్టే.

అందుకే చల్లదనం పరీక్ష చేస్తారు. ఆవిడ పక్క పళ్లకు చల్లటి దూది తగలగానే చురుక్కుమంది. ఈ పంటికి ఏమీ తెలియలేదు. పొక్కు రంధ్రంలోంచి మెత్తటి గట్టాపర్చా పుల్లను మెల్లగా దూర్చి మళ్లీ ఎక్స్‌రే తీస్తే, పుల్ల కొస తిన్నగా ఆ నల్లమచ్చను చూపింది. ఇక సందేహం లేదు.

యాంటీబయాటిక్ మాత్రలతో దీన్ని మాన్పలేం. రక్తం చేరని వేరు గొట్టంలోకి మందూ చేరదు. నాలుగు రోజులు వాపు తగ్గినట్టుంటుంది, అంతే. రూట్ కెనాల్‌లో గొట్టాలను శుభ్రం చేసి, సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి, గట్టాపర్చాతో మూసి, పైన క్యాప్ వేస్తారు. పన్ను నిలిపే స్థితిలో లేకపోతే తీసేయడమే దారి. ఆవిడ పన్ను నిలిచింది. పొక్కు కొద్ది వారాల్లో మాయమైంది. నల్లమచ్చ మాత్రం నిదానంగానే పోయింది. ఏడాది తర్వాత ఎక్స్‌రేలో చాలామటుకు ఎముక నిండింది. కొందరికి నాలుగేళ్లు కూడా పట్టవచ్చు. కాబట్టి నెలకే తీసిన ఎక్స్‌రేలో మచ్చ ఉందని వైద్యం విఫలమైందనుకోనక్కర్లేదు. పాత ఫిల్ముతో పోల్చినప్పుడు పెరుగుతుంటేనే ఆలోచించాలి.

దవడ కింద గట్టిగా వాచి, జ్వరంతో నోరు తెరవలేకపోయినా, మింగడం, ఊపిరి కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అదే రాత్రి పెద్దాసుపత్రికి వెళ్లండి.