ఆరో పాఠానికి రానివాళ్లు ఎక్కడ ఆగారు?

యూట్యూబ్‌లో ఏ పాఠాల ప్లేలిస్టు తెరిచినా మొదటి వీడియోకు ఉన్నన్ని వ్యూస్ చివరిదానికి ఉండవు. పాఠం చెప్పేవాళ్లలో చాలామంది దీన్ని పిల్లల ఓపిక లేమి కింద జమకడతారు. తలా ఒకచోట ఆగితే ఆ మాట ఒప్పుకోవచ్చు. ఎక్కువమంది ఒకేచోట ఆగుతున్నారంటే మాత్రం అక్కడి పాఠాన్నే అనుమానించాలి.

ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో చలనం గురించి ఎనిమిది వీడియోల కోర్సు ఉందనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండటానికి అంకెలు నేనే వేస్తున్నాను. మొదటి పాఠం 1000 మంది చూశారు. తర్వాత వరుసగా 620, 560, 520, 490, 300, 280, 265. అన్నిటికంటే పెద్ద నష్టం మొదటి పాఠం తర్వాతే అనిపిస్తుంది. అక్కడ వెళ్లిపోయినవాళ్లలో చాలామంది ఊరికే తొంగిచూసినవాళ్లు, ఏ కోర్సుకైనా అది మామూలే. అందుకే తగ్గిన సంఖ్యను పక్కన పెట్టి, ఒక పాఠం చూసినవాళ్లలో నూటికి ఎంతమంది తర్వాతి పాఠానికి వచ్చారో చూడాలి. రెండో పాఠం నుంచి ఆ లెక్క 90కి పైనే ఉంటూ, ఐదు నుంచి ఆరుకు వచ్చేసరికి 61కి పడిపోయింది. తర్వాత మళ్లీ 93.

ఇక్కడే చాలామంది ఆరో పాఠాన్ని సరిచేయబోతారు. ఆరో పాఠం తెరవనివాళ్లకు అందులో ఏముందో తెలియదు కదా! వాళ్లను ఆపింది ఐదో పాఠమే. దాని రిటెన్షన్ గ్రాఫ్ చూడాలి. వీడియోలో ఏ క్షణం దగ్గర ఎంతమంది చూస్తున్నారో చెప్పే గీత అది. యూట్యూబ్ స్టూడియోలో ప్రతి వీడియోకూ ఉంటుంది.

మన ఐదో పాఠం గీత మూడో నిమిషం దాకా నిలకడగా ఉంది. 3:20 దగ్గర ఒక ఎత్తు లేచింది, అంటే జనం వెనక్కి జరిపి మళ్లీ విన్నారు. 4:10 నుంచి గీత జారిపోయింది. ఆ మూడు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర మాస్టారు అన్న మాట: “వేగాన్ని రెండుగా విడదీస్తే అడ్డంగా u cos θ, నిలువుగా u sin θ వస్తాయి, తెలిసిందేగా.” ఒక వెక్టర్‌ను ఎలా విడదీస్తారో, అడ్డానికి కాస్ ఎందుకో ముందు నాలుగు పాఠాల్లో ఎక్కడా లేదు. పదో తరగతిలో త్రికోణమితి చదివినా, దాన్ని వేగానికి వాడటం పిల్లలకు అదే మొదటిసారి.

పాఠం కష్టం కావడం వేరు, ముందు చెప్పాల్సింది చెప్పకపోవడం వేరు. గ్రాఫ్‌లో ఈ రెండింటికీ పోలిక ఉన్నా, ఎత్తు తర్వాత ఏం జరిగిందో గమనిస్తే తేడా కొంత తెలుస్తుంది. మళ్లీ విని ముందుకు సాగితే సంగతి కష్టమైనా వివరణ అక్కడే దొరికిందన్నమాట. మళ్లీ విని వెళ్లిపోతే, వాళ్లు వెతికింది ఆ వీడియోలో లేకపోయి ఉండవచ్చు.

ఎత్తు కనిపించినంత మాత్రాన తీర్పు చెప్పకూడదు. జూహో కిమ్ బృందం 2014లో ఎడెక్స్ వేదికపై ఉన్న కోర్సుల వీడియోలను పరిశీలించినప్పుడు, ఇలాంటి ఎత్తుల్లో సగానికి పైగా తెర మీద దృశ్యం మారే చోట్ల కనిపించాయి. బోర్డు తొందరగా తుడిచేసినా జనం వెనక్కి జరుపుతారు. కాబట్టి ఆ అర నిమిషం వీడియోను కళ్లారా చూడాల్సిందే.

రుజువుకు ఇంకో కాగితం కావాలి. ప్రతి పాఠానికీ ఎదురుగా, అది వినాలంటే ముందే తెలిసి ఉండాల్సిన సంగతులు రాసి, ఒక్కొక్కటీ ఏ పాఠంలో వివరించారో పక్కన వేయాలి. ఈ పట్టికను గ్రాఫ్ చూడకముందే రాయడం మేలు. గ్రాఫ్ చూశాక రాస్తే, పడిపోయిన చోటల్లా మనకు ఏదో ఒక లోటు కనిపిస్తూనే ఉంటుంది. పట్టికలో ఖాళీ గడీ, గ్రాఫ్‌లో జారుడు ఒకేచోట కలిస్తే అప్పుడు నమ్మవచ్చు.

యూట్యూబ్ లెక్కలో ఒక చిక్కుంది. ఐదో పాఠం చూసిన 490 మందిలో కొందరు వెతుకులాటలో నేరుగా దానికే వచ్చి ఉంటారు; వాళ్లకు ఆరో పాఠంతో పని లేదు. ఎవరు ఏ పాఠం నుంచి ఏ పాఠానికి వెళ్లారో స్టూడియో మనిషి మనిషికీ చూపదు. ప్లేలిస్టు ద్వారా వచ్చిన వ్యూస్‌ను విడిగా చూస్తే లెక్క కొంత నిక్కచ్చి అవుతుంది. పరీక్షలు అయిపోగానే వచ్చే తగ్గుదలను కూడా ఇందులో కలపకూడదు.

ఎక్కించిన వీడియోను అదే లింకు మీద కొత్తదానితో మార్చే వీలు యూట్యూబ్‌లో లేదు. అందుకని వెక్టర్‌ను విడదీయడం మీద మూడు నిమిషాల చిన్న వీడియో చేసి, ప్లేలిస్టులో ఐదోదానికి ముందు పెట్టాలి. తర్వాత వచ్చినవాళ్లలో 3:20 దగ్గర ఎత్తు తగ్గి, ఐదు నుంచి ఆరుకు వచ్చేవాళ్ల శాతం పెరిగితే, అనుమానం చాలావరకు నిజమైనట్టే.

అప్పుడు ఏడు, ఎనిమిది పాఠాల శాతాలు కొంచెం తగ్గవచ్చు. ఇంతకుముందు అక్కడిదాకా వచ్చినవాళ్లలో ఎక్కువమంది వెక్టర్లు ముందే తెలిసినవాళ్లు, కాబట్టి ఆ పాఠాల లోపాలు బయటపడలేదు. ఇప్పుడు తెలియనివాళ్లు కూడా వస్తున్నారు. పట్టికలో ఆ రెండు పాఠాల వరుసలను మళ్లీ తెరవాల్సింది అప్పుడే.