నెయ్యి పక్కన ఏ ‘వెయ్యి’?

వంటకం ఫొటో కింద రాసే ప్రాస వాక్యం సాధారణంగా రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ముక్క ఫొటోలో ఉన్న పదార్థాన్ని చెబుతుంది. రెండోది దానికి ప్రాస కలుపుతూ చిన్న చమత్కారమో కోరికో ఫిర్యాదో జోడిస్తుంది. ఐదారు మాటల్లో ముగిసే వాక్యం కాబట్టి అందులో అనవసరమైన మాట ఒక్కటున్నా వెంటనే బయటపడుతుంది. ప్రాస సహజంగా కుదిరిందా, ప్రయాసపడి అతికించారా అన్నది తేలేది కూడా ఆ మాట దగ్గరే.

ఇలాంటి వాక్యానికి మంచి నమూనా సామెతల్లోనే ఉంది: ‘తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి.’ ఇందులో తింటే–వింటే, తినాలి–వినాలి అనే జతలు పైకే వినిపిస్తాయి. మరో జత కొంచెం లోపల ఉంది. ‘గారెలే’, ‘భారతమే’ అనే మాటల్లో మొదటి అక్షరాలు రెండూ దీర్ఘాలు, రెండో అక్షరం రెండింట్లోనూ రకారమే. ఉత్పలమాల, చంపకమాల, కందం వంటి పద్యాల్లో పాదాలన్నిటికీ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండాలన్నది ప్రాస నియమం. తెలుగు చెవికి బాగా అలవాటైన ఆ కలయికే సామెతలోనూ ఉంది. అయినా సామెతలో ప్రాస కోసం తెచ్చిపెట్టిన మాట ఒక్కటీ లేదు. ఏ మాట తీసేసినా అర్థమే కుంటుపడుతుంది.

వాక్యాల చివర వచ్చే అంత్యప్రాస తెలుగులో చాలా తేలిక. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. బహువచనాలకు ‘లు’, క్రియలకు ‘ంది’, ‘ాం’ వంటి ప్రత్యయాలు చివర చేరతాయి. అందుకే ‘వేడి వేడి ఇడ్లీలు, పక్కనే పచ్చళ్లు’ అని రాస్తే కాగితం మీద ప్రాసలా కనిపిస్తుంది కానీ చెవికి ఆనదు. అక్కడ కలిసింది ప్రత్యయాలే, మాటలు కావు. ‘ఆవకాయ, మాగాయ’ జతదీ ఇదే లోపం. రెండింట్లోనూ ఉన్నది ‘కాయ’ అనే ఒకే మాట. ‘తినాలి–వినాలి’ జతలోనూ ప్రత్యయం ఒకటే అయినా దాని ముందున్న తిను, విను అనే ధాతువులు కూడా కలిశాయి. ప్రాస పలకాలంటే ప్రత్యయానికి ముందున్న అక్షరం కూడా కలవాలి. దాని ముందరి అచ్చు కూడా కలిస్తే మరీ గట్టిగా వినిపిస్తుంది.

ఒక ఫొటోతో దీన్ని చూడవచ్చు. కంచంలో పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, పక్కన ఆవకాయ ముక్క. పైనుంచి ఒక చెయ్యి గరిటెతో నెయ్యి వేస్తోంది. ఇక్కడ చూపు ఆగేది నెయ్యి మీద. దానికి ప్రాస కలిసే మాటలు చెయ్యి, వెయ్యి, పొయ్యి, నుయ్యి, గొయ్యి. వీటిలో చెయ్యి, వెయ్యి మాత్రమే ‘ఎ’ అనే అచ్చుతో సహా కలుస్తాయి.

మొదటి ప్రయత్నం: ‘పప్పులో నెయ్యి, ఆనందాల నుయ్యి.’ నుయ్యి ఫొటోలో లేదు, భోజనంలోనూ లేదు. ఆనందాన్ని నూతితో పోల్చడం తెలుగువాళ్ల అలవాటు కాదు. నూతిలో పడటం అంటేనే ఆపద. ప్రాస కోసమే ఆ నుయ్యి తవ్వారని చదివినవారికి ఇట్టే తెలిసిపోతుంది.

రెండో ప్రయత్నం: ‘కమ్మని నెయ్యి, రుచులు వెయ్యి.’ దీని శబ్దంలో తప్పు లేదు. అయితే రుచులు వెయ్యే ఎందుకు, వంద ఎందుకు కాకూడదు? ఆ సంఖ్యకు ప్రాస తప్ప మరో కారణం లేదు. పైగా ఈ వాక్యాన్ని నెయ్యి సీసా ఫొటో కింద పెట్టినా, మైసూర్ పాక్ ఫొటో కింద పెట్టినా సరిపోతుంది. ఎక్కడైనా సరిపోయే వాక్యం ఈ ఫొటోను చూసి రాసినది కాదు.

మూడో ప్రయత్నం: ‘పప్పులో నెయ్యి, ఇంకాస్త వెయ్యి.’ ఇక్కడా ‘వెయ్యి’యే ఉంది కానీ ఇది సంఖ్య కాదు, వడ్డించమనే క్రియ. విస్తరి ముందు కూర్చున్నవారి నోటి మాటే ఇది. ఫొటోలో గరిటె పట్టిన చేతికి నేరుగా వర్తిస్తుంది కూడా. శబ్దం మారకుండానే ప్రాస సహజమైంది. కాబట్టి ప్రాస అతికిందా లేదా అన్నది శబ్దం ఒక్కటే చెప్పలేదు. ఆ మాటకు అక్కడ పని ఉందా లేదా అన్నది చూడాలి.

అతికించిన ప్రాసను పట్టించే గుర్తుల్లో మొదటిది సాగదీసిన మాట. ‘హైదరాబాదీ బిర్యానీ, వంటకాలకే మహారాణీ’ అన్నప్పుడు మామూలుగా హ్రస్వంతో పలికే ‘రాణి’ని ‘బిర్యానీ’ కోసం దీర్ఘం చేయాల్సి వచ్చింది. పైగా అది ఏ వంటకానికైనా తగిలించగల పొగడ్త. అదే బిర్యానీకి ‘ప్లేటు నిండా బిర్యానీ, డైటు పోతే పోనీ’ అని రాస్తే ‘పోనీ’ని సాగదీయనక్కర్లేదు, వాడుకలో ఉన్నట్టే పలుకుతుంది. ప్లేటు–డైటు జత అదనంగా కలిసింది.

రెండో గుర్తు తెగిపోయిన వాక్యం. ‘వేడన్నంలో గోంగూర, చూడగానే నోరూర’ అనే వాక్యంలో ప్రాస గట్టిదే. కానీ ‘నోరూర’ అన్నాక మరో క్రియ రావాలి. నోరూర ఏం జరిగింది? సమాధానం రాకుండానే వాక్యం ఆగిపోయింది. ప్రాసను చివరి నుంచి లోపలికి జరిపితే చిక్కు విడిపోతుంది. ‘నోరూరించే గోంగూర’ అంటే వ్యాకరణం నిలబడుతుంది, ‘ఊర’ శబ్దమూ లీలగా వినిపిస్తుంది. ప్రాస కాస్త పలచబడుతుంది, మాట మాత్రం నిండుగా ఉంటుంది.

క్రియ ముందుకు రావడాన్ని మాత్రం తప్పుగా లెక్కించనక్కర్లేదు. ‘బాగుంది కూర’, ‘చల్లారిపోయింది కాఫీ’ అని మాటల్లో అంటూనే ఉంటారు. పైకి చదివినప్పుడు ఇంట్లో మాట్లాడే తీరున వస్తే ఆ వరస సహజమే. చదివే గొంతు ఏదో ఒక మాట దగ్గర తడబడితే లోపం అక్కడ ఉంది.

పరీక్షించడానికి సులువైన పద్ధతి ఒకటుంది. ప్రాస పడిన మాట స్థానంలో అదే అర్థం వచ్చే, ప్రాస కలవని మాట పెట్టి చూడాలి. ‘పప్పులో నెయ్యి, ఇంకాస్త వడ్డించు’ అన్నప్పుడు మెరుపు తగ్గినా చెప్పదలచినది మిగులుతుంది. ‘కమ్మని నెయ్యి, రుచులు బోలెడు’ అంటే మిగిలేదేమీ లేదు. ఆ వాక్యం ప్రాస మీదే బతుకుతోంది.

ఈ పరీక్షలకు లొంగని సందర్భం ఒకటుంది, అది హాస్యం. ‘మళ్ళీ ఉప్మా, ఏమిటి చెప్మా!’ అనే వాక్యంలో ‘చెప్మా’ ఈనాటి రోజువారీ మాట కాదు. కావాలని తెచ్చినట్టే వినిపిస్తుంది. అయినా ఉప్మా చూసి నిట్టూర్చేవారి నాటకీయతకు ఆ పాతకాలపు మాటే సరిగ్గా సరిపోతుంది. అదే మాటను ఉప్మాను పొగడటానికి వాడితే అతకదు. ప్రాసలోని కృత్రిమత్వమే వాక్యంలోని నవ్వు అయినప్పుడు అది లోపం కాదు, మిగతా చోట్ల లోపమే.