మ్యూట్ చేస్తే ఎవరికి తెలుస్తుంది?

రాత్రి పదకొండూ నలభై అయింది. పాపని జోకొట్టి, ఫోన్‌ని దిండు పక్కన బోర్లా పెట్టి అప్పుడే నడుం వాల్చాను. టింగ్ మంది. చూడకూడదనుకున్నాను. మళ్లీ టింగ్. ఆ తర్వాత వరసగా నాలుగైదు. మా ఆవిడ అటు తిరిగి పడుకుంటూ, "మీ అన్నకి నిద్ర పట్టలేదు కాబోలు" అంది.

అన్న అంటే మా టీమ్ లీడ్. అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, అమెరికా ఇన్సూరెన్స్ క్లయింటు పని చూసే టీమ్‌లో ఉన్నాను. అన్నతో కలిపి పన్నెండు మందిమి. ఆయన చెడ్డవాడేం కాదు, ఈ మాట ముందే చెప్పాలి. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా సెలవు ఇప్పించేవాడు, రిలీజ్ రాత్రుల్లో సొంత డబ్బుతో బిర్యానీ తెప్పించేవాడు. ఆయన్ని తిట్టుకున్నవాళ్లు మాలో తక్కువ. ఆయన నడిపే వాట్సాప్ గ్రూపుని తిట్టుకోనివాళ్లు మాత్రం లేరు.

రాత్రి పని మాకు కొత్త కాదు. క్లయింటు ఉండేది అమెరికా తూర్పు తీరంలో. చలికాలంలో వాళ్ల గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. వాళ్లు పొద్దున పదిన్నరకి మీటింగ్ పెడితే మనకి రాత్రి తొమ్మిది. మార్చిలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకి తిప్పుకుంటారు, అదే మీటింగ్ మనకి ఎనిమిదికి వస్తుంది. మళ్లీ నవంబర్లో తొమ్మిదికి పోతుంది. ఐటీలో పదేళ్లు చేసినవాడి భార్యకి కూడా ఈ లెక్క నోటికొచ్చు. ఆ మీటింగ్‌తో మాకు పేచీ లేదు. మా బాధంతా అది అయిపోయాక, పది దాటాక మొదలయ్యే మెసేజీలతోనే.

"టీమ్, ఎనీ అప్‌డేట్?" "రేపటి డెమో స్లైడ్లలో నీలం రంగు మరీ ముదురుగా లేదూ?" "ఆ టికెట్ ఎవరు చూస్తున్నారు?" ఇలాంటివి రోజుకి అయిదారు వచ్చేవి. ఒక్కోదాని కింద "ష్యూర్ అన్నా", "నోటెడ్", బొటనవేళ్లు, దండాలు. కొత్తగా చేరిన కుర్రాడైతే "ఓకే సర్" అని పెట్టి, మళ్లీ బొటనవేలు కూడా పెట్టేవాడు. ఏడాదిన్నరలో ఆ గ్రూపుని ఒక్కరూ మ్యూట్ చేయలేదు.

నవ్వొచ్చేదేమిటంటే, మ్యూట్ చేస్తే ఎవరికీ తెలియదు. వాట్సాప్‌లో ఎనిమిది గంటలకో, వారానికో, ఎప్పటికీనో గ్రూపు నోరు మూయొచ్చు. ఆ సంగతి అడ్మిన్‌కి కూడా కనపడదు. అందరం ఇంజనీర్లమే, ఈ మాత్రం తెలియనివాళ్లం కాదు. అయినా భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. మ్యూట్ కనపడదు గానీ మౌనం కనపడుతుంది. గ్రూపులో మెసేజ్ పెట్టినవాడు దాన్ని నొక్కిపట్టి ఇన్ఫో చూస్తే, ఎవరు చదివారో, ఎవరికి చేరి కూడా చదవకుండా ఉందో పేర్లతో సహా వస్తుంది. సెట్టింగుల్లో బ్లూ టిక్కులు ఆపేసుకున్నా ఆ రక్షణ విడి చాటింగులకే, గ్రూపులకి వర్తించదు. పైగా పేరు ముందు @ పెట్టి పిలిస్తే మ్యూట్‌లో ఉన్న గ్రూపు కూడా మోగుతుంది. పది మంది "ష్యూర్" అన్నచోట పదకొండోవాడు ఏమీ అనకపోతే, ఆ ఖాళీ అప్రైజల్ దాకా గుర్తుంటుందేమోనని అందరి గుబులూ.

అప్రైజల్‌లో ఈ సంగతి ఎన్నడైనా వచ్చిందా అంటే, నాకు తెలిసి రాలేదు. ఒకరోజు రాత్రి పన్నెండూ పదికి ఆ స్లైడ్ల రంగు గురించి అన్న మెసేజ్ పెట్టాడు. మాలో ఒకమ్మాయి లేచి కూర్చుని, ఒంటిగంటన్నర దాకా ముప్ఫై రెండు స్లైడ్లూ మార్చి, మెయిల్ పెట్టి పడుకుంది. పొద్దున కేఫెటేరియాలో అన్న నిజంగానే కంగారు పడ్డాడు. "అయ్యో, రాత్రే ఎందుకు చేశావమ్మా? మర్చిపోతానేమోనని పెట్టాను, అంతే."

ఈ తేడాని కొలిచినవాళ్లున్నారు. లారా జుర్జే, వెనెసా బోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఇదే. పనివేళలు దాటాక అంత తొందర లేని మెయిల్ ఒకటి వస్తే, పంపినవాళ్లు ఎంత త్వరగా జవాబు ఆశిస్తున్నారో, అందుకున్నవాళ్లు ఎంత త్వరగా ఇవ్వాలనుకుంటున్నారో పోల్చి చూశారు. అందుకున్నవాళ్లు ప్రతిసారీ తొందరని ఎక్కువగా ఊహించుకున్నారు. పంపేవాడికి అది బుర్రలోంచి దింపుకున్న బరువు, అందుకునేవాడికి నెత్తికెక్కిన బరువు. "దీనికి ఇప్పుడే జవాబు అక్కర్లేదు" అని పంపేవాడే ఒక్క వాక్యం రాస్తే ఆ తేడా తగ్గిందని కూడా వాళ్లు చూపించారు. మా గ్రూపులో ఆ వాక్యం ఏడాదిన్నరలో ఒక్కసారీ రాలేదు. రాయాలన్న ఆలోచన అన్నకి రాలేదు, అడగాలన్న ధైర్యం మాకు రాలేదు.

పైగా, రోజూ మోగే గంటని చెవి కొన్నాళ్లకి వినడం మానేస్తుంది. ఆస్పత్రి ఐసీయూల్లో నర్సులకి ఇది బాగా తెలిసిన బాధ. రోజంతా ఉత్తుత్తి అలారాలు మోగుతుంటే అసలైనది మోగినప్పుడు కాలు కదలదు. మాకూ ఒక జనవరి రాత్రి అదే జరిగింది.

క్లయింటు తరఫున రోజూ ఒక ఫైలు తయారుచేసి పంపాలి. ఎవరెవరికి ఎంత క్లెయిము సొమ్ము చెల్లించాలో అందులో ఉంటుంది. వాళ్ల టైము సాయంత్రం అయిదు లోపు, అంటే మనకి తెల్లవారుజాము మూడున్నర లోపు అది బ్యాంకుకి చేరాలి. దాన్ని తయారుచేసే ప్రోగ్రామ్ మన టైములో రాత్రి ఒకటిన్నరకి దానంతటదే మొదలవుతుంది. ఆ రాత్రి మొదలైన కాసేపటికే ఆగిపోయింది. సర్వర్లో పాత లాగ్ ఫైళ్లు పేరుకుపోయి డిస్కు నిండింది, కొత్త ఫైలు రాయడానికి చోటు లేదు. పాతవి తీసేసి మళ్లీ నడిపితే పది పదిహేను నిమిషాల పని. మానిటరింగ్‌లో రాత్రి షిఫ్టు కుర్రాడు ఒకటీ నలభై రెండుకి చూశాడు. రూలు ప్రకారం మా గ్రూపులో పెట్టాడు. "జాబ్ ఫెయిల్డ్, ప్లీజ్ చెక్."

పన్నెండు ఫోన్లు మోగాయి. ఏ ఒక్కటీ మ్యూట్‌లో లేదు. ఆ రాత్రి పన్నెండున్నర దాకా కొత్త ప్లాన్ గురించి అరవై దాకా మెసేజీలు పడ్డాయి, అందులో సగం "ష్యూర్"లే. నాకు ఆ టింగ్ వినపడిన గుర్తుంది. ఇంకెవరో "నోటెడ్" పెట్టి ఉంటారనుకుని మళ్లీ నిద్రలోకి జారాను. తర్వాత ఆరా తీస్తే కనీసం నలుగురు అదే అనుకున్నారు. ఒకతను లేచి, చూసి, ఎవరో ఒకరు లాగిన్ అయ్యే ఉంటారని పడుకున్నాడు. మూడూ నలభైకి క్లయింటు మేనేజర్ నేరుగా అన్నకి ఫోన్ చేసింది. అప్పటికి బ్యాంకు గడువు దాటిపోయింది. ఆ రోజు పోవాల్సిన చెల్లింపులన్నీ మర్నాటికి పోయాయి.

తప్పు జరిగాక కారణం వెతికే మీటింగ్ ఒకటి ఉంటుంది, ఆర్సీఏ అంటారు. రిపోర్టులో "డిస్కు నిండింది" అని రాశాం. అది నిజమే. కానీ క్లయింటు మేనేజర్ ఒక్క ప్రశ్న వేసింది. "నిన్న రాత్రి డ్యూటీలో ఎవరున్నారు?"

కాన్ఫరెన్సు రూములో ఎవరూ మాట్లాడలేదు. గ్రూపులో అందరం ఉన్నాం కాబట్టి డ్యూటీలో ఎవరూ లేరు.

ఆ మీటింగ్ అయ్యాక తలుపు మూసి అన్న అడిగాడు, "ఇంత విసుగు పుడుతుంటే ఒక్కరైనా మ్యూట్ ఎందుకు చేయలేదు?" కొత్త కుర్రాడే నోరు విప్పాడు. "మీకు తెలిసిపోతుందేమోనని సర్. మిగతావాళ్లెవరూ చేయలేదు కదా, నేనొక్కణ్నే చేస్తే బాగోదని." పక్కనున్నామె, "నేనూ నీ గురించి అలాగే అనుకున్నా" అంది. ప్రతివాడూ లోలోపల విసుక్కుంటూ, మిగతావాళ్లకి మాత్రం ఇది మామూలేననుకున్నాడు. అన్న కాసేపు మాట్లాడకుండా తన ఫోన్ తీసి చూపించాడు. అందులో మేనేజర్ల గ్రూపు. రాత్రి పదకొండూ ఇరవైకి, "లీడ్స్, స్టేటస్ ప్లీజ్." ఆయనా దాన్ని మ్యూట్ చేయలేదు. అక్కడ పడ్డ ప్రశ్నే ఇరవై నిమిషాల తర్వాత మా గ్రూపులో "ఎనీ అప్‌డేట్?"గా దిగేదన్నమాట.

తర్వాత చేసిన మార్పులు చిన్నవే. వారానికి ఒకరు చొప్పున రాత్రి డ్యూటీ వేసుకున్నాం. ఏదైనా ఆగిపోతే మానిటరింగ్ వాళ్లు గ్రూపులో పెట్టడం మానేసి ఆ వారం మనిషికి ఫోనే చేయాలి. అయిదు నిమిషాల్లో ఎత్తకపోతే రెండోవాడికి, ఆ తర్వాత అన్నకి. డ్యూటీ చేసిన వారానికి అలవెన్సు ఇప్పించడానికి అన్న హెచ్చార్‌తో నెలన్నర పోరాడాడు. పాత గ్రూపు అలాగే ఉంది, కానీ రాత్రి తొమ్మిదిన్నర తర్వాత మ్యూట్ చేసుకోమని అన్నే అందులో రాసి పెట్టాడు. మొదటి వారం ఎవరూ చేయలేదు. రెండో వారం ఆయన తన ఫోన్లో చేసి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టాడు. అప్పుడు చేశాం.

అన్నీ ఇలా అన్నల మంచితనం మీద నడవవు కాబట్టే కొన్ని దేశాలు చట్టం చేశాయి. ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి యాభై మంది, ఆపైన ఉన్న కంపెనీలు ఈ విషయం మీద ఉద్యోగుల ప్రతినిధులతో మాట్లాడాల్సిందే. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, పనివేళల తర్వాత వచ్చే ఫోన్లూ మెసేజీలూ చూడకుండా, జవాబివ్వకుండా ఉండే హక్కు ఉద్యోగికి వచ్చింది. అయితే ఆ నిరాకరణ సమంజసంగా ఉండాలి. ఎందుకు పిలిచారు, దానికి డబ్బు ఇస్తున్నారా, ఆ మనిషి బాధ్యత ఏ స్థాయిది, ఇంటి పరిస్థితి ఏమిటి, ఇవన్నీ చూస్తారు. ఆ లెక్కన మా డిస్కు నిండిన రాత్రి డ్యూటీ మనిషి ఫోన్ ఎత్తకపోతే తప్పు అతనిది. స్లైడ్ల రంగుకి లేవకపోతే కాదు. పోర్చుగల్ 2021లో దీన్ని తిరగేసి, విసిగించకుండా ఉండాల్సిన బాధ్యత యజమానిదే అంది. నాకు ఇదే నచ్చింది, ఎందుకంటే కాదనే ధైర్యం ఉద్యోగికి ఉందా లేదా అన్న ప్రశ్నే ఇందులో రాదు. మన దగ్గర సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ఇలాంటి బిల్లు పెట్టారు. అది ప్రైవేటు మెంబర్ బిల్లు. అలాంటివి పార్లమెంటులో నెగ్గి చట్టమైంది చివరిసారిగా 1970లో.

నేను ఆ కంపెనీ వదిలేసి చాలాకాలమైంది. ఈమధ్య ఒక పెళ్లిలో అన్న కలిశాడు. జుట్టు పలచబడింది గానీ ఫోన్ అలవాటు పోలేదు. రాత్రి ఏదైనా గుర్తొస్తే ఇప్పుడు వాట్సాప్‌లో తన నంబరుకే తను పంపుకుంటాడట, పొద్దున పదింటికి చూసి కావలసినవి టీమ్‌కి పంపుతాడట. తెరిచి చూపించాడు. 11:52, ఫలానా టికెట్. 12:07, ఫాంటు పెద్దది చేయాలి. 12:31, ప్రశ్నార్థకం ఒక్కటే.

"ఇదేంటన్నా?" అన్నాను.

"ఏమో. పొద్దున్నకి నాకే గుర్తు రాలేదు" అన్నాడు.