ధర విధానం: జవాబు మార్కెట్‌లోనే

మార్కెటింగ్ పరీక్షలో ఏ ధర విధానం సరైనదని అడిగితే, ముందు ప్రశ్నలోని మార్కెట్ పరిస్థితిని చదవాలి.

పోటీ ఇంకా రాలేదు, ధర ఎక్కువైనా కొనేవారున్నారు అంటే స్కిమ్మింగ్. 2007 జూన్‌లో 599 డాలర్లకు వచ్చిన 8 జీబీ ఐఫోన్, సెప్టెంబరుకే 399కి దిగింది. ఆత్రపడేవారి తర్వాత మిగతావారి వంతు వచ్చింది.

కొనేవారు ధర చూసి మారిపోతారు, అమ్మకాలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది అంటే పెనెట్రేషన్. 2016లో జియో ఉచిత డేటాతో వచ్చింది అందుకే.

గిరాకీ అంచనాకు అందని, ఆర్డరుపై చేసే పనికి కాస్ట్ ప్లస్. 400 రూపాయల ఖర్చుకు 25 శాతం కలిపితే ధర 500. అయితే పోటీదారు 450కే ఇస్తుంటే ఈ లెక్క దాన్ని పట్టించుకోదు. పోటీ తీవ్రమని ప్రశ్నలో కనిపిస్తే ఈ జవాబు రాయకూడదు.